పాదం ఎముక అతుక్కునేలోపు సైకిల్ తొక్కొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నాలుగేళ్లుగా పరిగెత్తుతున్నాను, హాఫ్ మారథాన్‌లు చేశాను. మూడు వారాల కింద కుడి పాదం పైభాగంలో, రెండో వేలికి కాస్త వెనకాల నొప్పి మొదలైంది. ఎమ్మారై తీసి, రెండో వేలి వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముక, అంటే రెండో మెటాటార్సల్ మధ్యలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు, పదేపదే భారం పడి వచ్చే సన్నటి చీలికట. పాదాన్ని కదలకుండా పట్టి ఉంచే వాకింగ్ బూట్ ఆరు వారాలు వేసుకోమన్నారు. నొప్పి లేకపోతే జిమ్‌లో సైకిల్ తొక్కొచ్చు, చేతుల వ్యాయామం చేసుకోవచ్చు అని డాక్టరు గారు చెప్పారు గానీ ఎలా చేయాలో వివరంగా చెప్పలేదు. మొన్న బూట్ తీసి, రన్నింగ్ షూ వేసుకుని అరగంట తొక్కాను. తర్వాత పుషప్‌లు, ప్లాంక్ చేశాను. అప్పుడేమీ అనిపించలేదు. మర్నాడు పొద్దున చూస్తే పాదం వాచి ఉంది. ఇక అన్నీ మానేసి కూర్చోవాలా? సంపాదించుకున్న స్టామినా అంతా పోతుందేమోనని ఒకటే టెన్షన్. బరువు పెరుగుతానని తిండి కూడా తగ్గించాను.

జవాబు: మానేయక్కర్లేదండీ. కాకపోతే ముందు ఆ వాపు సంగతి మీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. వాపు పూర్తిగా తగ్గి, బూట్‌తో నడిచినా నొప్పి లేకుండా రెండు మూడు రోజులు గడిచాకే మళ్లీ సైకిల్ ఎక్కండి. ఆ నాలుగైదు రోజుల్లో స్టామినా ఏమీ పోదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీది రెండో మెటాటార్సల్ మధ్య భాగంలో వచ్చిన చీలిక. పాదంలో వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లలో ఇది మామూలుగా సులువుగా అతుక్కునే రకం, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ జవాబు చదివే వేరేవాళ్లకి చీలిక నావిక్యులర్ ఎముకలోనో, చిటికెనవేలి మెటాటార్సల్ మొదట్లోనో, బొటనవేలి కింది చిన్న సెసమాయిడ్ ఎముకల్లోనో ఉంటే, కింద చెప్పేదేదీ వాళ్లకు వర్తించదు. అవి మొండి ఎముకలు. పాదం నేలకే ఆనించొద్దని చెప్పే సందర్భాలుంటాయి. అలాంటప్పుడు సైకిల్ సంగతి వాళ్ల డాక్టరే తేల్చాలి.

ఇప్పుడు మొన్న ఏం జరిగిందో చూద్దాం. సైకిల్ తొక్కేటప్పుడు మనకు తెలియకుండానే వేళ్ల వెనకున్న ఉబ్బెత్తు భాగాన్ని పెడల్ మీద పెడతాం. మామూలుగా అదే సరైన పద్ధతి. కానీ మెటాటార్సల్ ఎముకల ముందు చివర్లు ఉండేది సరిగ్గా అక్కడే. పెడల్ ఆ చివర్లను పైకి నెడుతుంటే మడమ వైపు నుంచి పిక్క కండరం లాగుతుంటుంది, మధ్యలో ఎముక వంగే ప్రయత్నం చేస్తుంది. పైగా రన్నింగ్ షూ అడుగు మెత్తగా, వంగేలా ఉంటుంది కాబట్టి అడ్డుకునేది ఏమీ లేదు. అరగంటలో అలా రెండు వేల సార్లకు పైనే తొక్కి ఉంటారు. ఆ తర్వాత చేసిన పుషప్‌లూ ప్లాంకూ ఇంకా తిన్నగా అక్కడే పడ్డాయి. ఆ భంగిమలో వేళ్లు పైకి మడిచి, ఒంటి బరువులో మంచి వాటా మెటాటార్సల్ చివర్ల మీదే మోస్తాం. అది చేతుల వ్యాయామం అని మన లెక్క. పాదానికి ఆ సంగతి తెలియదుగా.

కాబట్టి మార్చాల్సింది పెడల్ మీద పాదం ఉండే చోటు. పాదాన్ని బాగా ముందుకు జరిపి, మడమకు కాస్త ముందున్న భాగం పెడల్ ఇరుసు మీదకు వచ్చేలా పెట్టండి. వేళ్లు పెడల్ దాటి గాల్లో ఉండాలి. తొక్కే బలం మడమ ఎముక నుంచి నేరుగా పెడల్‌కి వెళ్తుంది, మెటాటార్సల్స్ మీద దాదాపు ఏమీ పడదు. చూడ్డానికి వింతగా ఉంటుంది, మొదటి పది నిమిషాలు కాలు ఎవరిదో అన్నట్టు అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. ఎడమ పాదాన్ని కూడా అలాగే పెట్టండి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పెడితే తుంటి పక్కకి ఊగి నడుం పట్టేస్తుంది.

పాదం ముందుకు జరిగిందంటే సీటు కూడా కిందికి దిగాలి. చీలమండ వంపుతో వచ్చే పొడవు ఇప్పుడు ఉండదు కదా. రెండు మూడు సెంటీమీటర్లు దించి చూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగే ఉండాలి. సీటు ఇంకా ఎత్తుగా ఉంటే అద్దంలో చూసినా, వెనక నుంచి ఎవరైనా చూసినా నడుం అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది, లేదా అడుగుకి వచ్చేసరికి మీరే వేళ్లతో పెడల్ అందుకుంటారు. అలా అందుకున్నారంటే మొన్నటి పొరపాటు మళ్లీ జరిగినట్టే. మరీ దించేస్తే మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తుంది, అప్పుడు కొంచెం పైకి లేపండి.

పెడల్‌కి ఉండే పట్టీ కుడి కాలికి వాడొద్దు. పట్టీ ఉంటే పాదం మళ్లీ వెనక్కి, వేళ్ల దాకా జారుతుంది. పైగా కాలితో పెడల్‌ని పైకి లాగాలనిపిస్తుంది. బూట్‌తోనే తొక్కొచ్చా అంటే, డాక్టరు బూట్ తీయొద్దన్నంత కాలం బూట్‌తోనే తొక్కండి. బూట్ అడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి పాదాన్ని వంగనివ్వదు, అది మీకు మేలే. అయితే దాని అడుగు మందం వల్ల కుడి కాలు పొడుగైనట్టు అవుతుంది. ఎడమ కాలికి మందపాటి అడుగున్న షూ వేసుకుంటే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. బూట్ తీసి తొక్కొచ్చు అని అనుమతి ఇస్తే, చేత్తో వంచినా వంగని గట్టి అడుగున్న షూ చూసుకోండి. క్లిప్ అయ్యే సైక్లింగ్ షూలు వద్దు. వాటి నుంచి కాలు విడిపించుకోవాలంటే మడమ పక్కకి తిప్పాలి, ఆ మెలికే ప్రమాదం. రోడ్డు మీద సైకిలూ ఇప్పుడు వద్దు. తొక్కడం వల్ల కాదు, ఆగినప్పుడు ఏ కాలు నేల మీద పడుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి. జిమ్‌లో వెనక్కి ఆనుకుని కూర్చునే రికంబెంట్ సైకిల్ ఉంటే అదే తీసుకోండి, ఎక్కడం దిగడం తేలిక. మామూలు సైకిలైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బరువంతా ఎడమ కాలి మీదే ఉంచి, హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా. సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం పూర్తిగా మానేయండి.

ఇక రెసిస్టెన్స్ సంగతి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, చెమట పట్టాలని రెసిస్టెన్స్ పెంచేసి నెమ్మదిగా బలంగా తొక్కుతారు. సైకిల్ తెరమీద కనిపించే వాట్స్ అంటే తొక్కే బలాన్ని తొక్కే వేగంతో గుణిస్తే వచ్చేది. ఉదాహరణకి 100 వాట్స్ అనుకుందాం. నిమిషానికి 60 సార్లు తిప్పుతూ ఆ 100 వాట్స్ తేవాలంటే, పెడల్ మీద సగటున సుమారు తొమ్మిదిన్నర కిలోల బరువు మోపినంత బలం కావాలి. నిమిషానికి 90 సార్లు తిప్పితే ఆరున్నర కిలోలు చాలు. గుండె చేసే పని దాదాపు అంతే, పాదం మీద పడే భారం మాత్రం మూడో వంతు తగ్గింది. ఇవి సగటు లెక్కలే, కాలు కిందికి నొక్కే క్షణంలో బలం ఇంకా ఎక్కువే పడుతుంది, కానీ తేడా అదే దామాషాలో ఉంటుంది. అందుకని తెరమీద ఆర్‌పీఎం 85కీ 95కీ మధ్య ఉండేలా చూసుకుని, దానికి తగ్గట్టు రెసిస్టెన్స్ పెట్టుకోండి. సీటు మీద ఎగిరెగిరి పడుతున్నారంటే రెసిస్టెన్స్ మరీ తక్కువైందని.

మీ అసలు భయం స్టామినా గురించి. పూర్తిగా ఆపేస్తే పోతుంది, అది నిజమే. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా శిక్షణ ఉన్నవాళ్లతో వ్యాయామం మాన్పించి చూస్తే, శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ మొదటి మూడు వారాల్లో 7 శాతం, పన్నెండు వారాలకి 16 శాతం తగ్గింది. కానీ మీరు ఆపేయడం లేదు. దానికంటే మీకు పనికొచ్చేది రాబర్ట్ హిక్సన్ 1980లలో చేసిన ప్రయోగాలు. రోజుకి 40 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేసేవాళ్లు సమయాన్ని 26 నిమిషాలకో, చివరికి 13 నిమిషాలకో తగ్గించుకున్నా, ఆయాసం వచ్చే తీవ్రత తగ్గకుండా చూసుకున్నంతవరకు ఆ గరిష్ఠ ఆక్సిజన్ పదిహేను వారాలపాటు నిలబడింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం పడిపోయింది. అంటే మీరు గంటలకొద్దీ నింపాదిగా తొక్కడం కంటే, వారంలో రెండు రోజులు కాసేపు ఊపిరి ఆడనట్టు తొక్కడం ఎక్కువ కాపాడుతుంది. ఆ తీవ్రతని రెసిస్టెన్స్‌తో కాకుండా వేగంతో తెచ్చుకోవాలి, అంతే తేడా.

మీ వారాన్ని నేనైతే ఇలా నడుపుతాను. మొదటిసారి 15 నిమిషాలే, తేలిగ్గా, మాట్లాడుతూ తొక్కగలిగేంత. అంతే, దిగిపోండి, ఎంత బాగున్నా సరే. మర్నాడు పొద్దున పాదం ఏమంటుందో చూశాకే రెండోసారి. బాగుంటే ఒక్కోసారి ఐదు నిమిషాలు పెంచుకుంటూ 40 దాకా వెళ్లండి. 30 నిమిషాలు ఏ ఇబ్బందీ లేకుండా రెండు మూడుసార్లు అయ్యాక, వారంలో రెండు రోజులు వేగం కలపండి. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాక ఒక నిమిషం 95 నుంచి 100 ఆర్‌పీఎం, ఒక నిమిషం నెమ్మదిగా, ఇలా ఆరుసార్లు. ఇది తేలికైపోతే మూడు నిమిషాల వేగం, రెండు నిమిషాల విశ్రాంతి, నాలుగుసార్లు. ఆ మూడు నిమిషాల చివర్లో రెండు మూడు ముక్కలకు మించి మాట్లాడలేకపోవాలి. గుండె వేగం మాత్రం పరుగులో చూసిన అంకెలతో పోల్చుకోవద్దు. కూర్చుని తొక్కుతున్నాం కాబట్టి అదే కష్టానికి సైకిల్ మీద మామూలుగా కొంచెం తక్కువే చూపిస్తుంది. ఆ అంకే రావాలని పట్టుబడితే మళ్లీ రెసిస్టెన్స్ పెంచేస్తారు.

మడమతో తొక్కినా పాదం ఒప్పుకోకపోతే కుడి కాలిని పూర్తిగా పక్కన పెట్టి ఎడమ కాలితోనే తొక్కొచ్చు. కుడి పక్కన ఒక స్టూలు వేసి, తిరిగే పెడల్ తగలనంత దూరంలో కాలు పెట్టుకోండి. ఎడమ పాదానికి పట్టీ బిగించాలి, లేకపోతే పెడల్ పైకి రావడం కష్టం. ఒక్క కాలితో రెండు నిమిషాలకే తొడ మండుతుంది, అందుకని తొక్కుతూ ఆగుతూ చేయాలి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక కాలికి శిక్షణ ఇస్తే, కదలని రెండో కాలి బలం కూడా కొంతవరకు నిలుస్తుంది. నరాల ద్వారా జరిగే ఈ సంగతి చాలా ప్రయోగాల్లో కనిపించింది.

చేతుల వ్యాయామానికి ఒకే సూత్రం: మొదలుపెట్టే ముందు, ఈ పనిలో పాదం ఎక్కడ సాయం చేస్తోంది అని చూసుకోండి. అది దొంగచాటుగా దూరిపోతుంది. బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు బరువు ఎక్కువైతే పాదాలతో నేలను తన్నుతాం. నిలబడి డంబెల్స్ తలమీదకి లేపితే మునివేళ్లతో నిలదొక్కుకుంటాం. రోయింగ్ మెషీన్‌లో లాగే బలంలో పెద్ద వాటా కాళ్లదే, పాదాలతో తన్నితేనే అది కదిలేది, కాబట్టి అది ఇప్పుడు వద్దు. చివరికి ర్యాక్ నుంచి డంబెల్స్ మోసుకురావడం కూడా బూట్ మీద అదనపు బరువే, చేజారితే పడేదీ అక్కడే. జిమ్‌లో ఎవరినైనా అందివ్వమని అడగండి, మొహమాటపడకండి.

కాబట్టి అన్నీ కూర్చునో పడుకునో చేసేవే ఎంచుకోండి. వీపు ఆనించే కుర్చీలో కూర్చుని డంబెల్స్ తలమీదకి లేపడం, ల్యాట్ పుల్‌డౌన్, ఛాతీ ఆనించి వెనక్కి లాగే రో మెషీన్. బెంచ్ ప్రెస్‌కి బదులు నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి డంబెల్స్ పైకి నెట్టండి. కాళ్ల సాయం పోయింది గనక మామూలుగా ఎత్తే బరువు కంటే కాస్త తక్కువతో మొదలుపెట్టాలి. పుషప్‌లు మానలేనంటే మోకాళ్ల మీద చేయండి, కాకపోతే కింద వేళ్లు మడిచి పెట్టకుండా పాదాలను గాల్లోకి లేపి ఉంచాలి. ప్లాంక్ కూడా అంతే. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కోటి పది పన్నెండు సార్లు చొప్పున రెండు మూడు విడతలు చాలు. ఊపిరి బిగపట్టకుండా, నెట్టేటప్పుడు వదలండి. ఒకవేళ క్రచెస్ వాడుతూ ఉంటే భుజాలకి రోజంతా పనే, అప్పుడు తలమీదకి నెట్టేవి తగ్గించి వెనక్కి లాగేవి చేసుకోవడం మంచిది.

చేతులతో తిప్పే పెడల్ మెషీన్ ఉంటే అది కూడా పనికొస్తుంది, ముఖ్యంగా సైకిల్ కుదరని రోజుల్లో. అయితే చేతుల కండరాలు చిన్నవి. సాధారణంగా కాళ్లతో వాడగలిగే ఆక్సిజన్‌లో 70 శాతం దాకానే చేతులతో వాడగలం, పైగా అదే పనికి గుండె వేగం, బీపీ ఎక్కువ పెరుగుతాయి. ఆయాసం చూసి కాళ్ల వ్యాయామం అంత అయిపోయిందని అనుకోకూడదు. బీపీ ఉన్నవాళ్లు దీన్ని డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి.

నొప్పి విషయంలో మీకు ఎదురైందే అసలు పాఠం: తొక్కేటప్పుడు ఏమీ అనిపించకపోవడం సరిపోదు. ఎముక తన ఫిర్యాదు చాలాసార్లు మర్నాడే చెబుతుంది. రోజూ పొద్దున మంచం దిగకముందే కుడి పాదం పైన, రెండో వేలి మొదలు నుంచి వెనక్కి, ఒక్క వేలి కొసతో ఆ ఎముక పొడవునా మెత్తగా నొక్కుకుంటూ వెళ్లండి. ఎడమ పాదాన్నీ అలాగే నొక్కి పోల్చుకోండి. వేలి కొసంత చోటులో చురుక్కుమంటే అది ఎముక నొప్పి. అంతకుముందు రోజు కంటే ఎక్కువగా ఉంటే ఆ రోజు సైకిల్ లేదు, తర్వాతి సారి సమయం సగానికి తగ్గించాలి. రెండు రోజులైనా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. పాదం అంతా పరుచుకున్న బిగువు, పిక్కలో నొప్పి లాంటివైతే కండరాల అలసట కావచ్చు, ఒక రోజులో పోతుంది. కానీ బూట్ వేసుకున్న కాలికి పిక్క ఒక్కటే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించుకోవాలి. దాంతో పాటు ఆయాసమో గుండెల్లో నొప్పో వస్తే నేరుగా ఎమర్జెన్సీకి. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం చేయకండి, మీరు వెతుకుతున్న సంకేతాన్నే అది దాచేస్తుంది.

తిండి తగ్గించడం గురించి నాకు గట్టి అభ్యంతరమే ఉంది. అతుక్కుంటున్న ఎముకకి శక్తి కావాలి, ప్రొటీన్ కావాలి, కాల్షియం, విటమిన్ డి కావాలి. అసలు పరిగెత్తేవాళ్లలో ఇలాంటి చీలికలు రావడానికి ఒక ముఖ్య కారణం ఖర్చుకి తగ్గట్టు తినకపోవడమే. మీరు స్త్రీ అయితే, పీరియడ్స్ ఈ మధ్య ఆగిపోయినా, బాగా వెనకబడుతున్నా ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎముక బలానికీ దానికీ నేరుగా సంబంధం ఉంది, ఆయన అడక్కపోయినా మీరే చెప్పాలి. విటమిన్ డి పరీక్ష గురించీ అడగండి. ఆరు వారాల్లో ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అయినా పరుగు మొదలయ్యాక సర్దుకుంటాయి.

బూట్ తీసేశాకే జాగ్రత్త ఎక్కువ అవసరం. ఇన్ని వారాలు సైకిల్ తొక్కి మీ గుండె, ఊపిరితిత్తులు దాదాపు పాత స్థాయిలోనే ఉంటాయి. ఎముక మాత్రం ఉండదు, ఎందుకంటే సైకిల్ ఎముకకి నేల దెబ్బలను అలవాటు చేయదు. మొదటి రోజే ఐదు కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తగలరు, అదే చిక్కు. ముందు మామూలు షూలతో రోజూ 30 నిమిషాలు చురుగ్గా నడవండి. వారం పాటు నడుస్తున్నప్పుడూ, మర్నాడు వేలితో నొక్కినప్పుడూ ఏమీ లేకపోతే, డాక్టరు సరేనన్నాక, ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, ఇలా ఆరుసార్లు చేయండి. రోజు విడిచి రోజే. ఏ ఇబ్బందీ లేకుండా రెండుసార్లు అయ్యాక రెండు నిమిషాల పరుగు, మూడు నిమిషాల నడక. అలా మెల్లిగా నడక తగ్గించుకుంటూ వెళ్లండి. ఆ మధ్య రోజుల్లో సైకిల్ కొనసాగించండి, ఊపిరి ఆడనట్టు తొక్కే రెండు రోజులు కూడా కనీసం మొదటి నెల సైకిల్ మీదే ఉంచండి.